జింక్, కాపర్‌తో గాల్వానిక్ సెల్ కట్టి, కరెంట్ ఎక్కణ్ణుంచి వస్తోందో మీటర్‌తో పట్టుకోవడం ఎలా

గాల్వానిక్ సెల్ బొమ్మ అందరూ వేసే ఉంటారు, రెండు బీకర్లు, రెండు ప్లేట్లు, మధ్యలో తిరగేసిన యూ ఆకారంలో ఒక గొట్టం, పైన బల్బు. ఆనోడ్ దగ్గర ఆక్సీకరణం, కాథోడ్ దగ్గర క్షయకరణం అని బట్టీ పట్టేస్తాం, కానీ ఆ మధ్య గొట్టం ఎందుకు అని ఎవరైనా గట్టిగా అడిగితే మాత్రం "సర్క్యూట్ పూర్తి చేయడానికి" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాం. దేంతో పూర్తి చేస్తుంది, అది తీసేస్తే సరిగ్గా ఏం ఆగిపోతుంది, అది సన్నగా ఉంటే ఏమవుతుంది అన్నది సెల్ చేతులతో కట్టి మీటర్ పెట్టి చూస్తే తప్ప ఒంటబట్టదు. అందుకే ఇక్కడ ఒకే ఒక్క సెల్ తీసుకుందాం, జింక్-కాపర్ది, దీన్నే డేనియల్ సెల్ అంటారు, 1836లో జాన్ ఫ్రెడరిక్ డేనియల్ చేసిన సెల్‌కి ఇది బీకర్ల రూపం. చివరికి మీకు తేలేది ఏంటంటే వోల్టేజ్ ఎంతన్నది లోహాలు తేలుస్తాయి, కరెంట్ ఎంతన్నది మాత్రం చాలావరకు ఆ మధ్య గొట్టం, అంటే సాల్ట్ బ్రిడ్జ్, తేలుస్తుంది. ఈ రెండూ విడివిడి సంగతులు, చాలామంది తికమక పడేది సరిగ్గా ఇక్కడే.

ముందు ఏమేం కావాలో చూసుకోండి

100 మి.లీ. బీకర్లు రెండు, ఒక జింక్ ప్లేట్, ఒక కాపర్ ప్లేట్ (రెండు సెంటీమీటర్ల వెడల్పు, ఎనిమిది పది సెంటీమీటర్ల పొడవు చాలు), క్రొకడైల్ క్లిప్పులున్న వైర్లు, డిజిటల్ మల్టీమీటర్, 1000 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, ఫిల్టర్ పేపర్, సన్న రకం శాండ్‌పేపర్. రసాయనాలు మూడే: జింక్ సల్ఫేట్, కాపర్ సల్ఫేట్ అంటే మన మైలుతుత్తం, ఇంకా పొటాషియం నైట్రేట్. ఉప్పు వాడొచ్చా అని అడుగుతారు కదా, దాని సంగతి బ్రిడ్జ్ దగ్గర చెప్తా.

ద్రావణాలు 0.5 మోలార్ చేసుకుందాం. జింక్ సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 14.4 గ్రాములు, కాపర్ సల్ఫేట్ పెంటాహైడ్రేట్ 12.5 గ్రాములు, విడివిడిగా కొంచెం డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి ఒక్కోటి 100 మి.లీ. దాకా నింపండి. పొటాషియం నైట్రేట్ మాత్రం 20 గ్రాములు 100 మి.లీ. నీళ్ళలో వేయండి, ఇది కరిగేటప్పుడు నీళ్ళు చల్లబడతాయి, కంగారు పడొద్దు, కాసేపు కలుపుతూ ఉంటే కరిగిపోతుంది. కళ్ళద్దాలు, గ్లవ్స్ పెట్టుకోండి, జింక్ సల్ఫేట్ గానీ మైలుతుత్తం గానీ కంట్లో పడితే మామూలు మంట కాదు, గట్టిగా దెబ్బతింటుంది. వంటకి వాడే గిన్నెలు, గ్లాసులు వీటికి వాడకండి, కడిగేసి మళ్ళీ వాడదాంలే అనుకుని కూడా వద్దు.

మొదటి పని: తప్పుగా చేసి చూడండి

సెల్ కట్టకముందే కొంచెం కాపర్ సల్ఫేట్ ఒక టెస్ట్ ట్యూబ్‌లో పోసి అందులో చిన్న జింక్ ముక్క వేయండి. వెంటనే ముక్క మీద నల్లగా, తర్వాత ఎర్రటి గోధుమ రంగులో మెత్తటి పొర కడుతుంది, అది కాపరే. కాసేపటికి నీలం రంగు పలచబడుతుంది, ట్యూబ్ పట్టుకుంటే కాస్త వెచ్చగా కూడా తగలొచ్చు. జరిగిందేంటంటే జింక్ పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు వదిలేసి అయాన్‌గా నీళ్ళలోకి దిగిపోయింది, ఆ రెండు ఎలక్ట్రాన్లనీ అక్కడే తగిలిన కాపర్ అయాన్ తీసుకుని లోహంగా మారి జింక్ మీదే కూర్చుంది:

Zn + Cu²⁺ → Zn²⁺ + Cu

చర్య బ్రహ్మాండంగా జరిగింది, శక్తి కూడా బయటికొచ్చింది, కానీ అంతా వేడిగా పోయింది, మనకి కరెంట్ రాలేదు. ఎందుకంటే ఎలక్ట్రాన్ ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకరినొకరు ఆనుకుని ఉన్నారు, ఎలక్ట్రాన్ వైర్ దాకా రావాల్సిన అవసరమే పడలేదు. గాల్వానిక్ సెల్ చేసే పనల్లా ఈ ఇద్దర్నీ వేరు వేరు బీకర్లలో కూర్చోబెట్టి, ఎలక్ట్రాన్‌కి వైర్ తప్ప ఇంకో దారి లేకుండా చేయడం. చర్య అదే, మార్చేది దారి ఒక్కటే. ఇది గుర్తుంచుకుంటే మిగతా భాగాలన్నీ ఎందుకున్నాయో వాటంతటవే అర్థమవుతాయి, పైగా తర్వాత సెల్ పాడైనప్పుడు జింక్ మీద ఈ నల్ల పొర కనబడితే ఏం జరిగిందో చూడగానే తెలిసిపోతుంది.

రెండో పని: ఆనోడ్ వైపు

జింక్ ప్లేట్‌ని రెండు వైపులా శాండ్‌పేపర్‌తో మెరిసేదాకా రుద్దండి. గాలిలో ఉన్న జింక్ మీద బూడిద రంగు పొర ఉంటుంది, అది అలాగే ఉంటే రీడింగ్ తక్కువగా, అటూ ఇటూ కదులుతూ వస్తుంది. రుద్ది, కడిగి, జింక్ సల్ఫేట్ బీకర్‌లో నాలుగు సెంటీమీటర్ల దాకా ముంచి, పైన పొడిగా ఉన్న చోట క్లిప్ పెట్టండి. క్లిప్ మాత్రం ద్రావణంలో మునగకూడదు, అది వేరే లోహం కదా, మునిగితే అది కూడా ఇంకో ఎలక్ట్రోడ్ అయి కూర్చుంటుంది, అప్పుడు మీరు కొలిచేది దేన్నో మీకే తెలీదు.

ఇక్కడ జరిగేది Zn → Zn²⁺ + 2e⁻. ఎలక్ట్రాన్లు పోగొట్టుకోవడం ఆక్సీకరణం, అది జరిగే చోటే ఆనోడ్. జింక్ అయాన్ నీళ్ళలోకి వెళ్ళిపోతుంది, ఎలక్ట్రాన్లు మాత్రం లోహంలోనే ఉండిపోతాయి, అందుకే ఈ ప్లేట్ నెగటివ్. ఎలక్ట్రాలిసిస్ చదివినప్పుడు ఆనోడ్ పాజిటివ్ అన్నారు కదా, ఇక్కడ నెగటివ్ ఏంటి అని గందరగోళపడేవాళ్ళు బోలెడుమంది. గుర్తుని పట్టుకుని ఆనోడ్‌ని గుర్తుపట్టొద్దు, ఆక్సీకరణం ఎక్కడ జరిగితే అదే ఆనోడ్, అది రెండు చోట్లా మారదు. ఎలక్ట్రాలిసిస్‌లో బయటి బ్యాటరీ బలవంతంగా ఎలక్ట్రాన్లని ఆనోడ్ నుంచి లాగేస్తుంది కాబట్టి అక్కడ పాజిటివ్, ఇక్కడ లోహమే తనంతట తాను ఎలక్ట్రాన్లు వదులుతోంది కాబట్టి నెగటివ్, అంతే తేడా.

మూడో పని: కాథోడ్ వైపు

కాపర్ ప్లేట్‌ని కూడా అలాగే రుద్దండి, కానీ జింక్‌కి వాడిన శాండ్‌పేపర్ ముక్క కాకుండా వేరే ముక్కతో. కాపర్ సల్ఫేట్ బీకర్‌లో ముంచి క్లిప్ పెట్టండి. ఇక్కడ Cu²⁺ + 2e⁻ → Cu, నీలం ద్రావణంలో ఉన్న కాపర్ అయాన్ ప్లేట్ దగ్గరికొచ్చి, వైర్ గుండా వచ్చిన ఎలక్ట్రాన్లు తీసుకుని లోహంగా అతుక్కుంటుంది. క్షయకరణం ఇదే, కాబట్టి ఇది కాథోడ్. ఒక విషయం గమనించండి, ఇక్కడ ప్లేట్ కాపర్దే అయ్యుండక్కర్లేదు, గ్రాఫైట్ కడ్డీ పెట్టినా దాని మీద కాపర్ పొర కడుతుంది, ఎందుకంటే ఎలక్ట్రాన్లు తీసుకునేది ద్రావణంలోని అయాన్, ప్లేట్ కేవలం చేతికి అందించే చోటు. జింక్ వైపు మాత్రం అలా కాదు, అక్కడ ప్లేటే సరుకు, అదే కరిగిపోతుంది.

రెండు బీకర్లలో ద్రావణం మట్టం సమానంగా ఉండేలా చూడండి, దీని అవసరం ఇంకాసేపట్లో తెలుస్తుంది.

నాలుగో పని: బ్రిడ్జ్ లేకుండా మీటర్ పెట్టండి

ఇది మాత్రం దాటేయకండి, అసలు పాఠం ఇక్కడే ఉంది. మల్టీమీటర్‌ని 2 వోల్టుల డీసీ రేంజ్‌లో పెట్టి, ఎర్ర ప్రోబ్ కాపర్‌కి, నల్ల ప్రోబ్ జింక్‌కి తగిలించండి. బ్రిడ్జ్ లేదు, బీకర్లు రెండూ విడిగా ఉన్నాయి. మీటర్ సున్నా దగ్గర ఉంటుంది, లేదా ఏవేవో అంకెలు చూపిస్తూ మీరు వైర్ ముట్టుకున్నప్పుడల్లా మారిపోతూ ఉంటుంది. దేన్నీ కొలవట్లేదన్నమాట.

ఎందుకు ఆగిపోయింది? జింక్ వైపు నుంచి ఎలక్ట్రాన్లు వైర్లోకి వెళ్తే, ఆ బీకర్లో జింక్ అయాన్లు మిగిలి పాజిటివ్ చార్జ్ పేరుకుంటుంది. కాపర్ వైపు కాపర్ అయాన్లు లోహంగా మారిపోతే, వాటి జోడీగా ఉన్న సల్ఫేట్లు ఒంటరిగా మిగిలి నెగటివ్ చార్జ్ పేరుకుంటుంది. పాజిటివ్‌గా మారిన బీకర్ ఎలక్ట్రాన్లని పోనివ్వదు, నెగటివ్‌గా మారినది రానివ్వదు. ఇంతవరకూ అందరూ చెప్పేదే. కానీ "కాసేపు కరెంట్ ప్రవహించి తర్వాత ఆగిపోతుంది" అని చెప్తారు చూడండి, అది వింటే ఏదో అయిదు నిమిషాలు నడుస్తుందేమో అనిపిస్తుంది, లెక్క వేస్తే అసలు సంగతి తెలుస్తుంది. పక్కపక్కన పెట్టిన రెండు బీకర్ల మధ్య కెపాసిటెన్స్ ఉజ్జాయింపుగా పది పికోఫారడ్లు అనుకోండి, 1.1 వోల్టు తేడా రావడానికి కావలసిన చార్జ్ కూలూంబ్‌లో లక్ష కోట్ల వంతుల్లో పదకొండు వంతులు, అంటే సుమారు ఏడు కోట్ల ఎలక్ట్రాన్లు. ఏడు కోట్లంటే పెద్ద సంఖ్యలా ఉంది కానీ ఒక మోల్‌లో దాదాపు వంద కోట్ల కోట్ల వంతుల్లో ఒక వంతు, ఏ త్రాసూ తూచలేదు. అంత చిన్న తేడాకే సెల్ మొత్తం బిగుసుకుపోతుంది. కాబట్టి సాల్ట్ బ్రిడ్జ్ చివర్లో వచ్చి సాయం చేసే భాగం కాదు, మొదటి క్షణం నుంచీ అది లేకపోతే ఏమీ లేదు.

ఇంకో పని కూడా చేసి చూడండి, బ్రిడ్జ్ బదులు ఒక కాపర్ వైర్ ముక్క రెండు బీకర్లలో ముంచండి. వైర్ కరెంట్ మోస్తుంది కదా, పని చేయాలి కదా అనిపిస్తుంది. చేయదు, చెప్పుకోదగ్గ కరెంట్ రాదు. ద్రావణంలో తిరిగేవి అయాన్లు, వైర్లో తిరిగేవి ఎలక్ట్రాన్లు, ఒకదాని నుంచి ఇంకోదానికి మారాలంటే ఆ చోట మళ్ళీ ఒక ఆక్సీకరణమో క్షయకరణమో జరగాలి. మనకి కావలసింది ఎలక్ట్రాన్లని మోసేది కాదు, అయాన్లని మోసేది. బ్రిడ్జ్ గుండా ఎలక్ట్రాన్లు తిరిగి జింక్‌కి చేరతాయి అని రాసేవాళ్ళున్నారు, అది పూర్తిగా తప్పు, బ్రిడ్జ్‌లో ఎలక్ట్రాన్ ఒక్కటి కూడా నడవదు.

అయిదో పని: సాల్ట్ బ్రిడ్జ్ పెట్టండి

ఫిల్టర్ పేపర్‌ని ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పు ముక్కగా కత్తిరించి, నిలువునా నాలుగు మడతలు వేయండి, రెండు సెంటీమీటర్ల వెడల్పున్న దళసరి పట్టీ వస్తుంది. పొడవు ఎంతంటే రెండు కొసలూ చెరో బీకర్లో మూడు సెంటీమీటర్లు మునగాలి, మధ్యలో బయట ఉండే భాగం ఎనిమిది సెంటీమీటర్లు మించకూడదు. పొటాషియం నైట్రేట్ ద్రావణంలో బాగా నానబెట్టి, కారిపోకుండా అంచుకి ఆనించి, రెండు బీకర్ల మీదుగా వేయండి. ప్లేట్లకి తగలకుండా చూడండి.

వెంటనే మీటర్ మీద 1.05 నుంచి 1.10 మధ్య ఏదో ఒక అంకె వచ్చి నిలబడుతుంది. 1.08 వచ్చింది అనుకుందాం. కాపర్ స్టాండర్డ్ పొటెన్షియల్ +0.34, జింక్‌ది −0.76, తేడా 1.10, మన మీటర్ దానికి దగ్గర్లోనే ఉంది. ఎర్ర ప్రోబ్ కాపర్ మీద ఉంటే పాజిటివ్ అంకె వచ్చింది, ప్రోబ్‌లు మార్చి చూడండి, అదే అంకె మైనస్‌తో వస్తుంది. ఆనోడ్ ఎటో మర్చిపోతే మీటరే చెప్తుంది, మైనస్ లేకుండా రీడింగ్ వచ్చినప్పుడు నల్ల ప్రోబ్ ఎటుంటే అటే ఆనోడ్.

ఇప్పుడు బ్రిడ్జ్ లోపల ఏం జరుగుతోంది? జింక్ వైపు పాజిటివ్ పేరుకోబోతుంటే నైట్రేట్ అయాన్లు బ్రిడ్జ్‌లోంచి అటు దిగుతాయి, కొన్ని జింక్ అయాన్లు కూడా బ్రిడ్జ్‌లోకి ఎక్కుతాయి. కాపర్ వైపు నెగటివ్ పేరుకోబోతుంటే పొటాషియం అయాన్లు అటు దిగుతాయి. ఒక జింక్ అయాన్ కొత్తగా పుట్టిన ప్రతిసారీ దాదాపు రెండు నైట్రేట్లు ఇటు, రెండు పొటాషియంలు అటు. నెగటివ్ అయాన్లు ఎప్పుడూ ఆనోడ్ వైపు, పాజిటివ్ అయాన్లు ఎప్పుడూ కాథోడ్ వైపు. జింక్ ప్లేట్ నెగటివ్ కదా, నెగటివ్ అయాన్ అటెందుకు పోతుంది అని సందేహం వస్తుంది, రావాలి కూడా. అయాన్‌ని లాగేది ప్లేట్ మీది గుర్తు కాదు, ఆ బీకర్లో కొత్తగా పుడుతున్న జింక్ అయాన్లు.

పొటాషియం నైట్రేట్ ఎందుకంటే రెండు కారణాలు. ఒకటి, అది ఇటు జింక్‌తో గానీ అటు కాపర్‌తో గానీ గొడవ పెట్టుకోదు, అవక్షేపం రాదు. రెండు, పొటాషియం, నైట్రేట్ రెండూ నీళ్ళలో దాదాపు ఒకే వేగంతో కదులుతాయి, అందుకే బ్రిడ్జ్ కొసల దగ్గర అదనపు వోల్టేజ్ పెద్దగా పుట్టదు. మామూలు ఉప్పుతో కూడా ఈ సెల్ నడుస్తుంది, సోడియం క్లోరైడ్ కంటే నెమ్మదిగా కదులుతుంది కాబట్టి రీడింగ్‌లో కొన్ని మిల్లీవోల్టుల తేడా రావచ్చు, అంతే. కానీ రేపు కాపర్ బదులు సిల్వర్ నైట్రేట్ బీకర్ పెట్టారనుకోండి, క్లోరైడ్ ఉన్న ఏ బ్రిడ్జ్ అయినా కొస దగ్గర తెల్లగా సిల్వర్ క్లోరైడ్ కట్టేస్తుంది, అప్పుడు నైట్రేట్ తప్ప వేరే గతి లేదు.

ఆరో పని: లోడ్ పెట్టి అసలు నిజం బయటికి లాగండి

1.08 చూసి సంబరపడి ఇక్కడే ఆపేస్తారు చాలామంది. కానీ డిజిటల్ మీటర్ వోల్ట్ రేంజ్‌లో దాదాపు కరెంటే తీసుకోదు, దాని లోపలి రెసిస్టెన్స్ మామూలుగా 10 మెగాఓమ్‌లు. మీ బ్రిడ్జ్ సగం ఎండిపోయి లక్ష ఓమ్‌లున్నా సరే, మీటర్ 1.07 చూపిస్తుంది. తడి దారం వేసినా చూపిస్తుంది. ట్యాంకు నిండా నీళ్ళున్నా పైపు గుర్రపు వెంట్రుకంత సన్నగా ఉంటే కొళాయి మూసి ఉన్నంతసేపూ ప్రెషర్ బాగానే కనిపిస్తుంది, తిప్పినప్పుడే కదా బండారం తెలిసేది.

కాబట్టి 1000 ఓమ్‌ల రెసిస్టర్‌ని లోడ్‌గా కాపర్‌కీ జింక్‌కీ మధ్య పెట్టి, మీటర్ అలాగే ఉంచి, ఇప్పుడు ఎంత చూపిస్తోందో చూడండి. 0.72 కి పడిపోయింది అనుకుందాం, ఇలాంటి పేపర్ బ్రిడ్జ్‌కి ఇది వింతేమీ కాదు. లెక్క వేయండి. కరెంట్ = 0.72 ÷ 1000, అంటే 0.72 మిల్లీఆంపియర్లు. లోడ్ పెట్టగానే పోయిన వోల్టేజ్ 1.08 − 0.72 = 0.36. అది ఎక్కడికి పోయింది? సెల్ లోపలే ఖర్చయింది. 0.36 ÷ 0.00072 = 500 ఓమ్‌లు, ఇదే సెల్ లోపలి రెసిస్టెన్స్.

ఆ 500 ఓమ్‌లలో ఎక్కువ భాగం బ్రిడ్జ్‌దే అని ఎలా తెలుస్తుందంటే, అలాంటి పట్టీలే ఇంకో మూడు నానబెట్టి పక్కపక్కనే వేయండి. మొత్తం బ్రిడ్జ్ వల్లే అయితే 500 నాలుగో వంతుకి, 125కి పడిపోవాలి, అప్పుడు లోడ్ మీద వోల్టేజ్ 1.08 × 1000 ÷ 1125 = 0.96 రావాలి. మీకు 0.93, 0.94 వచ్చిందనుకోండి, మిగిలిన కొంచెం ద్రావణాలదీ, ప్లేట్ల ఉపరితలానిదీ. లోడ్ తీసేసి చూస్తే మళ్ళీ 1.08 దగ్గరే ఉంటుంది. అంటే నాలుగు పట్టీలు వేసినా లోహాలు ఇచ్చే వోల్టేజ్ మారలేదు, ఇవ్వగలిగే కరెంట్ మాత్రం పెరిగింది. ప్లేట్లు పెద్దవి పెట్టినా ఇదే కథ, వోల్టేజ్ పెరగదు. వోల్టేజ్ కొంచెమైనా కదలాలంటే గాఢత మార్చాలి, కాపర్ ద్రావణాన్ని పదింతలు పలచన చేస్తే పుస్తకం లెక్క 0.03 వోల్టు తగ్గాలంటుంది, మీటర్ మీద అంతకంటే తక్కువే తగ్గుతుంది, గాఢ ద్రావణంలో అయాన్లు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండి పూర్తి స్వేచ్ఛగా ప్రవర్తించవు కాబట్టి.

జింక్ ఎంత కరిగిందో తూచి చూద్దామని కొందరికి ఆశ. 0.72 మిల్లీఆంపియర్లతో గంటసేపు నడిపితే 0.00072 × 3600 = 2.59 కూలూంబ్‌లు, దాన్ని 96,485తో భాగించి, ఒక్కో జింక్‌కి రెండు ఎలక్ట్రాన్లు కాబట్టి మళ్ళీ 2తో భాగించి, 65.4తో గుణిస్తే దాదాపు 0.88 మిల్లీగ్రాము. గంట నడిపితే ఒక మిల్లీగ్రాము కూడా లేదు, మామూలు త్రాసుకి అందదు. ల్యాబ్ త్రాసు ఉంటే రాత్రంతా నడిపి, ప్లేట్లు కడిగి ఆరబెట్టి తూచండి, అప్పుడు కూడా జింక్ లెక్క కంటే కాస్త ఎక్కువే తగ్గి ఉంటుంది, వైర్‌తో సంబంధం లేకుండా కొంత తనంతట తానే కరిగిపోతుంది కాబట్టి.

పాడైతే ఎలా కనిపెట్టాలి

లోడ్ లేకుండా 1.08 బాగానే ఉండి, లోడ్ పెట్టగానే 0.1కో 0.2కో పడిపోతే అనుమానం ముందు బ్రిడ్జ్ మీదే. మధ్య భాగం ఎండిపోయిందేమో వేలితో (గ్లవ్ వేసుకునే) తాకి చూడండి, రెండు చుక్కలు పొటాషియం నైట్రేట్ ద్రావణం మధ్యలో వేస్తే రీడింగ్ వెంటనే లేస్తే అదే జబ్బు. యూ గొట్టంలో అగర్ జెల్ పోసి చేసిన బ్రిడ్జ్ అయితే ఎండిపోవడం కాదు, లోపల గాలి బుడగ ఉందేమో చూడాలి, బుడగ గొట్టం అడ్డంగా మూసేస్తే అయాన్లకి దారి లేనట్టే.

లోడ్ లేకుండానే 0.9, 0.8 వస్తోందంటే బ్రిడ్జ్‌ని తిట్టకండి, అది ఎలక్ట్రోడ్‌ల గొడవ. జింక్ సరిగ్గా రుద్దలేదు, లేదా క్లిప్ మునిగింది, లేదా జింక్ మీద నల్లటి పొర కట్టింది. ఆ పొర మొదటి పనిలో టెస్ట్ ట్యూబ్‌లో చూసిందే, కాపర్ అయాన్లు బ్రిడ్జ్ దాటి ఇటొచ్చేశాయి. పేపర్ పట్టీని చూస్తే తెలిసిపోతుంది, కాపర్ వైపు కొస నుంచి నీలం మెల్లగా పైకి పాకి, జింక్ వైపు దిగుతూ ఉంటుంది. మట్టాలు సమానంగా ఉంచమన్నది ఇందుకే, కాపర్ బీకర్ మట్టం ఎక్కువగా ఉంటే పేపర్ ఒక వత్తిలా పనిచేసి నీలం ద్రావణాన్నే జింక్ బీకర్లోకి తోడేస్తుంది. నీలం సగం దాటిందంటే పట్టీ మార్చేయండి, పని అయిపోగానే బ్రిడ్జ్ తీసేయండి, సెల్‌ని బ్రిడ్జ్‌తో సహా ఊరికే వదిలేయడం అన్నిటికంటే చెడ్డది. కరెంట్ నడుస్తున్నప్పుడు పాజిటివ్ అయాన్లన్నీ కాపర్ వైపు నెట్టబడుతూ ఉంటాయి కాబట్టి కాపర్ ఇటు రావడం కొంచెం కష్టమవుతుంది, ఊరికే ఉంటే అడ్డే లేదు. పాతకాలపు టెలిగ్రాఫ్ ఆఫీసుల్లో బరువైన నీలం ద్రావణం అడుగున, జింక్ పైన ఉండే డేనియల్ రకం గ్రావిటీ సెల్‌ల నుంచి ఎప్పుడూ కొంచెం కరెంట్ తీసుకుంటూ ఉండేవాళ్ళు, ఆపితే నీలం ద్రావణం పైకి కలిసిపోయి జింక్‌ని పట్టుకునేది. ఈ రెండు ద్రావణాలని కలవకుండా ఉంచడమే డేనియల్‌కీ తలనొప్పి, ఆయన మొదట ఎద్దు అన్నవాహిక గొట్టాన్ని తెరగా వాడాడు, ఆ తర్వాత సన్న రంధ్రాలున్న మట్టి కుండ వచ్చింది.

ఎల్‌ఈడీ వెలిగించాలంటే

ఒక్క సెల్ చాలదు, ఎర్ర ఎల్‌ఈడీకి సుమారు 1.7, 1.8 వోల్టులు కావాలి. రెండో సెల్ ఇంకో రెండు బీకర్లలో విడిగా కట్టి, మొదటి సెల్ కాపర్‌ని రెండో సెల్ జింక్‌కి వైర్‌తో కలపండి, మిగిలిన జింక్, మిగిలిన కాపర్ మీ రెండు కొసలు, వాటి మధ్య 2.16 వోల్టులు రావాలి. అవే రెండు బీకర్లలో ఇంకో జత ప్లేట్లు దింపితే వోల్టేజ్ రెట్టింపు కాదు, అది పెద్ద ప్లేట్ పెట్టినట్టే, ఆ పొరపాటు చాలా తరచుగా కనబడుతుంది. ఎల్‌ఈడీ పొడుగు కాలు కాపర్ కొసకి, పొట్టి కాలు జింక్ కొసకి పెట్టండి. ఒక్కో పట్టీ బ్రిడ్జ్‌తో రెండు సెల్‌ల లోపలి రెసిస్టెన్స్ కలిపి 1000 ఓమ్‌లు, మిగిలే వోల్టేజ్ 2.16 − 1.7 = 0.46, కరెంట్ 0.46 మిల్లీఆంపియర్, లైట్ ఆపితే గానీ కనిపించనంత మసగ్గా వెలుగుతుంది. అస్సలు వెలగకపోతే ఎల్‌ఈడీ మార్చే ముందు దాని కాళ్ళ మధ్య వోల్టేజ్ కొలవండి, 1.5 లోపు ఉంటే ఏదో ఒక బ్రిడ్జ్ ఎండింది, 2.1 ఉంటే ఎల్‌ఈడీ తిరగేసి పెట్టారు. ఒక్కో సెల్‌కి నాలుగు పట్టీలు వేస్తే కాంతి ఎంత పెరుగుతుందో మీ కళ్ళతో మీరే చూడొచ్చు, లోహాలు అవే, ద్రావణాలు అవే, మారింది అయాన్లు నడిచే దారి వెడల్పు ఒక్కటే.

అయిపోయాక ప్లేట్లు కడిగి ఆరబెట్టండి, పట్టీలు పారేయండి, ద్రావణాలు పేరు రాసిన సీసాల్లో పోసి మళ్ళీ వాడుకోండి. కాపర్ సల్ఫేట్‌ని సింక్‌లో పారబోయకండి, చేపలకీ నీళ్ళలోని ఇతర జీవాలకీ అది విషం. పాత ద్రావణంలో జింక్ ముక్కలు వేసి ఉంచితే నీలం పోయి కాపర్ అడుగున దిగుతుంది, కానీ పైన మిగిలే నీళ్ళలో జింక్ ఉంటుంది కాబట్టి అది కూడా ల్యాబ్ వేస్ట్ డబ్బాలోకే వెళ్ళాలి.